ఇంప్రెస్ పీడీఎఫ్‌తో నాలుగేళ్లు: ఒత్తులు విరిగింది నా దగ్గర కాదు

రైతు శిక్షణ తరగతులకు స్లైడ్లు నాలుగేళ్లుగా నేనే తయారు చేసుకుంటున్నాను. ఉబుంటు లాప్‌టాప్‌లో లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్ వాడతాను. యానిమేషన్లు, టెంప్లేట్ల గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు, వాటి జోలికి వెళ్లను. నాకు దీనిమీద ఇష్టం పుట్టింది ఒక్క బటన్ వల్ల: పీడీఎఫ్ ఎగుమతి. అంతకుముందు నేను వాడిన పద్ధతుల్లో ‘క్షేత్ర దినోత్సవం’ అని టైపు చేస్తే పీడీఎఫ్‌లో పొల్లులు బయటికొచ్చి పళ్లికిలించేవి. ఇందులో మొదటి రోజు నుంచీ స్క్రీన్ మీద ఎలా కనిపించిందో పీడీఎఫ్‌లోనూ అలాగే వచ్చింది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్ని సిస్టమ్‌లలోనూ అక్షరాలను కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌కు అప్పగించారు. నా అదృష్టం, నేను ఆ తర్వాతే ఇటు వచ్చాను.

మూడేళ్లు అందరికీ ఇదే చెప్పాను. నాలుగో ఏడు పత్తి మీద 24 స్లైడ్ల పుస్తకం వేయించాల్సి వచ్చింది. గులాబీ రంగు పురుగు, లింగాకర్షక బుట్టలు, ఎకరానికి ఎన్ని పెట్టాలి, ఇవే అందులో సంగతులు. పీడీఎఫ్‌ను ఊళ్లోని ప్రెస్సుకు వాట్సాప్‌లో పంపి 300 కాపీలు చెప్పాను. ప్రూఫ్ చూస్తారా అని అడిగితే ఎందుకులే, ఫైల్ బాగానే ఉందిగా అన్నాను.

హాల్లో మొదటి కట్ట విప్పగానే ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన పైకి చదివాడు: ‘‘శాస్... త్... రం... ఇదేం భాష సారూ?’’ పక్కాయన నవ్వాడు. నేనూ చూశాను. శాస్త్రవేత్తలు కాస్తా ‘శాస్‌త్‌రవేత్‌తలు’ అయ్యారు. బుట్టల పేరు ‘లింగాకర్‌షక’ అయింది. పుస్తకం మొత్తం అంతే.

ఇంటికొచ్చి ముందు ఇంప్రెస్‌నే తిట్టుకున్నాను. ఏ ఫాంట్లు వెళ్లాయో చూద్దామని టెర్మినల్‌లో `pdffonts` నడిపాను. ఇది పీడీఎఫ్‌లను పరిశీలించే పాప్లర్ పనిముట్లలో ఒకటి, `poppler-utils` అనే ప్యాకేజీతో వస్తుంది. వచ్చిన జాబితాలో పక్క నిలువు వరసలు తీసేస్తే మిగిలింది ఇది:

```
name                            emb sub uni
BAAAAA+LiberationSans           yes yes yes
CAAAAA+NotoSansTelugu-Regular   yes yes yes
DAAAAA+Lohit-Telugu             yes yes yes
```

నేను వాడింది నోటో సాన్స్ తెలుగు. లోహిత్ ఎక్కడి నుంచి వచ్చింది? దొంగ దొరికాడనుకున్నాను. ఏ పేజీలో ఉందో పట్టుకోవడానికి ఒక్కో పేజీనే అడగొచ్చు:

```
pdffonts -f 7 -l 7 patti.pdf
```

ఏడో స్లైడ్ అని తేలింది. అది నేను రాసింది కాదు, విండోస్‌లో పనిచేసే సహోద్యోగి స్లైడ్ల నుంచి తెచ్చి అతికించింది. ఆయన గౌతమి ఫాంట్ వాడాడు. అది విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫాంట్, నా ఉబుంటులో లేదు. లేని ఫాంట్ అడిగితే సిస్టమ్ తనకు తోచిన తెలుగు ఫాంట్‌ను తెచ్చి ఆ చోట పెడుతుంది. గౌతమి బదులు ఏది వస్తుందో `fc-match "Gautami:lang=te"` అని అడిగితే అది చెప్పేస్తుంది. ఇంప్రెస్ కూడా ఒక సైగ చేస్తుంది: ఆ అక్షరాల మీద కర్సర్ పెడితే పైన ఫాంట్ పెట్టెలో పేరు వాలుగా కనిపిస్తుంది. వాలుగా ఉంటే ఆ ఫాంట్ మన దగ్గర లేదన్నమాట. మూడేళ్లలో ఆ వాలును నేను ఒక్కసారీ గమనించలేదు.

ఏడో స్లైడ్‌ను నోటోకు మార్చి, ఫైల్ మళ్లీ పంపి, ఈసారి ప్రూఫ్ అడిగాను. అదే విరుపు, అన్ని పేజీల్లోనూ.

అసలు ఆ ముందురోజే నాకు వెలగాల్సింది. లోహిత్ ఉన్నది ఒక్క పేజీలో, ఒత్తులు విరిగింది ఇరవై నాలుగు పేజీల్లో. పైగా లోహిత్‌కు ‘స్త్ర’ రాయడం చక్కగా వచ్చు. ఫాంట్ మారితే అక్షరం రూపు మారుతుంది, లావో సన్నమో అవుతుంది, లైను పొడవు పెరిగి చివరి మాట కిందికి జారుతుంది. ఒత్తు మాత్రం ఊడిపోదు. ఆ ఫాంట్‌లో తెలుగే లేకపోతే, బదులు వచ్చేది కూడా ఏదీ లేకపోతే ఖాళీ డబ్బాలు పడతాయి. పొల్లు బయటికి కనిపిస్తూ అక్షరాలు వరసగా నిలబడ్డాయంటే ఆ గొడవ వేరు: ఫాంట్ ఉన్నా, లేకపోయినా, ఎవరో ఆ అక్షరాలను కూర్చకుండా వదిలేశారు.

మరి ఎవరు? నా ఫోన్‌లో అదే పీడీఎఫ్ తెరిస్తే శుభ్రంగా ఉంది. `emb` కింద అన్నిటికీ `yes` ఉంది, అంటే ఫాంట్లు ఫైల్ లోపలే ఉన్నాయి. మనం కీబోర్డు మీద కొట్టే ‘స్త్ర’లో ఐదు సంకేతాలు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర. వాటిని స, దాని కింద త ఒత్తు, ర ఒత్తుగా మార్చే పని ఎగుమతి సమయంలోనే అయిపోతుంది. పీడీఎఫ్‌లోకి వెళ్లేది ఫలానా ఫాంట్‌లో ఫలానా బొమ్మను ఫలానా చోట పెట్టు అన్న ఆదేశమే. అలాంటి పేజీని ఉన్నదున్నట్టు అచ్చు వేస్తే ఒత్తు విరగడానికి తావే లేదు. విరగాలంటే ఎవరో ఆ బొమ్మలను మళ్లీ సంకేతాలుగా విప్పి ఉండాలి.

ప్రెస్సుకు వెళ్లి ఆపరేటర్ పక్కన కూర్చున్నాను. కుర్రాడు మంచివాడు. ‘‘ఎలా చేస్తున్నావో ఒకసారి చూపించు తమ్ముడూ’’ అన్నాను. ఒక ఏ4 పేజీలో నాలుగు స్లైడ్లు సర్దాలి, కింద పేజీ నంబర్లు వేయాలి. అందుకని నా పీడీఎఫ్‌ను డిజైన్ ప్రోగ్రామ్‌లో నేరుగా తెరిచాడు. ఒక పెట్టె వచ్చింది. ‘‘ఏదో ఫాంట్ లేదని అడుగుతుంది సార్, ఓకే కొట్టేస్తాను, ఎప్పుడూ అంతే’’ అన్నాడు. ఓకే కొట్టగానే నా కళ్ల ముందే ‘శాస్త్ర’ విడిపోయింది.

జరిగింది ఇదీ. తెరిస్తే ఆ ప్రోగ్రామ్ నా పేజీని దిద్దుకోగల టెక్స్టుగా విప్పుతుంది. నా ఫాంట్ అతని మెషిన్‌లో లేదు కాబట్టి ఇంకోటి పెడుతుంది. దాని పేరాగ్రాఫ్ సెట్టింగ్ ఇంగ్లీషుకు సరిపోయేది, భారతీయ లిపులకు విడిగా ఉండే అమరికను ఎవరూ ఎంచుకోలేదు. వాళ్ల తెలుగు పనంతా యూనికోడ్‌కు ముందు తరం డీటీపీ ఫాంట్లలో నడుస్తుంది. అక్కడ ఒత్తును కూడా విడి అక్షరంగానే కొడతారు, కాబట్టి ఆ సెట్టింగ్ అవసరం వాళ్లకు ఎన్నడూ రాలేదు. పీడీఎఫ్‌ను తెరవకుండా, ఖాళీ పేజీలోకి బొమ్మలా తెచ్చి పెట్టుకుంటే ఏమీ అయ్యేది కాదు. ఒక పేజీ అలా పెట్టి చూపించాడు, బాగానే వచ్చింది. కానీ రేపు ఇంకో కుర్రాడు కూర్చుంటాడు, అతనూ ఓకే కొట్టేస్తాడు.

అందుకే ఇప్పుడు ప్రెస్సుకు ఫాంటే లేని ఫైల్ పంపిస్తున్నాను. గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేస్తుంది:

```
gs -o press.pdf -sDEVICE=pdfwrite -dNoOutputFonts patti.pdf
```

తర్వాత `pdffonts press.pdf` అంటే పైన శీర్షిక వరస తప్ప కింద ఏమీ రాకూడదు. ఏదైనా పేరు కనిపిస్తే పని సగమే అయిందని అర్థం. ఇక ఎవరు ఎందులో తెరిచినా ఒత్తు కదలదు, ఎందుకంటే అది అక్షరం కాదు, గీత. దీనికి ధర కూడా ఉంది. ఆ ఫైల్‌లో ఏ మాటనూ వెతకలేం, కాపీ చేయలేం, తప్పు దొరికితే ప్రెస్సులో దిద్దలేరు. స్క్రీన్ మీద చిన్న అక్షరాలు కాస్త లావుగా కనిపిస్తాయి. అందుకని రైతుల వాట్సాప్ గ్రూపుకు మామూలు పీడీఎఫ్, ప్రెస్సుకు గీతలది పంపుతున్నాను. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టకపోతే తారుమారవుతాయి, నాకు ఒకసారి అయ్యాయి.

ఈ గొడవంతా అయ్యాక ఇంప్రెస్ మీద నా పాత పొగడ్తను కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. అది ఒత్తులు విరవదు, ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. కానీ ఫాంట్ మారిపోయిన సంగతి ఎగుమతి వేళ ఒక్క ముక్క చెప్పదు. ఆ వాలు పేరు మనమే కనిపెట్టాలి. ఇంకోటి, స్టైల్‌లో ఇంగ్లీషుకు ఒక ఫాంట్, తెలుగుకు వేరే ఫాంట్ ఉంటాయి. తెలుగుది `Complex text layout` కింద ఉంటుంది, `Options`లో ఆ పెట్టెకు టిక్ పెడితే గానీ సరిగా కనపడదు. మొదటి ఏడాది నేను పై ఫాంట్ ఒక్కటే మార్చి, తెలుగు ఎందుకు మారట్లేదా అని ఒక సాయంత్రమంతా జుట్టు పీక్కున్నాను. బోల్డ్ సంగతి కూడా అలాంటిదే. ఒకే మందంతో వచ్చే తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. వాటికి బోల్డ్ కొడితే ఉన్న అక్షరాన్నే ఉబ్బిస్తుంది, చిన్న సైజులో అచ్చు వేసేసరికి ఒత్తుల్లోని సందులు సిరాతో పూడిపోతాయి. నోటోకు నిజమైన బోల్డ్ ఉంది కాబట్టి శీర్షికలకు నేను దాన్ని వదలను. మామూలు పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన తెలుగు కూడా కొన్ని రీడర్లలో చెల్లాచెదురుగా వస్తుంది. కంటికి బాగుంటే లోపల కూడా బాగుంటుందనుకోకండి.

నా అవసరం చిన్నది: ఏడాదికి రెండు మూడు పుస్తకాలు, నెలకు నాలుగు స్లైడ్ షోలు, టెర్మినల్ అంటే భయం లేదు. అలాంటి వాళ్లకు నేను దీన్నే చెప్తాను. మీ ఆఫీసులో అందరూ విండోస్ మీద ఉండి, స్లైడ్లు పదిమంది చేతులు మారుతుంటే మాత్రం అంత ధైర్యంగా చెప్పలేను. అక్కడ ముందు అందరి మెషిన్లలో ఒకే తెలుగు ఫాంట్ ఉండేలా చూసుకోవడమే పెద్ద పని.

పాడైన 300 కాపీల ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను. ప్రూఫ్ వద్దన్నది నేనే కదా. ఇప్పుడు ప్రూఫ్ వచ్చాక ముందు వెతికేది ‘శాస్త్రవేత్త’నే, ఆ తర్వాతే పురుగు మందు మోతాదు చూస్తున్నాను.