గేమ్ బాయ్, డీఎస్, స్విచ్: మా అల్లుడికి ఏది మేలు?

మా అక్క కొడుకు అనంతపురం హాస్టల్లో చదువుకుంటున్నాడు. సెలవులకు కడపకు బస్సులో వచ్చేటప్పుడు ఆడుకోవడానికి చేతిలో పట్టే గేమ్ కన్సోల్ ఒకటి కావాలట. పాత గేమ్ బాయ్ కొననా, డీఎస్ కొననా, స్విచ్‌కి డబ్బు కూడబెట్టనా అని అడిగాడు.

1980లో మొదలైన గేమ్ అండ్ వాచ్‌ను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అందులో బొమ్మల ఆకారాలన్నీ కాల్క్యులేటర్ అంకెల్లాగా తెరలోనే ముందే ఏర్పరిచి ఉంటాయి. అందుకే ఒక యంత్రానికి ఒక్క ఆటే.

1989 నాటి గేమ్ బాయ్ తెరను చుక్కలతో నింపింది, ఆటను క్యాట్రిడ్జ్ అనే, తీసి మార్చుకోగల చిన్న బిళ్లలోకి మార్చింది. రంగులు లేవు, నాలుగు ఛాయలే. తెర వెనక దీపమూ లేదు. కానీ మన రాయలసీమ ఎండకు ఇది వరమే: వెలుతురు ఎంత ఎక్కువైతే బొమ్మ అంత స్పష్టం. దీపం లేకపోవడం వల్లే నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో పది గంటలు దాటి నడుస్తుంది. రంగుల తెరతో పోటీకి వచ్చిన సెగా గేమ్ గేర్ ఆరు బ్యాటరీలను నాలుగైదు గంటల్లోనే తాగేసేది. అయితే రాత్రి బస్సులో గేమ్ బాయ్ తెర కనిపించదు. పైగా చాలా పాత క్యాట్రిడ్జ్‌లలో ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుంచుకునేది లోపలి చిన్న బ్యాటరీ. అది అయిపోతే దాచుకున్న ఆట పోయినట్టే.

2004లో వచ్చిన డీఎస్‌కు రెండు తెరలు. కింది తెర ఒత్తిడిని గుర్తిస్తుంది: పైపొర వంగి కిందిపొరను తాకిన చోటే స్పర్శ నమోదవుతుంది. అందుకే పుల్లలాంటి స్టైలస్‌తో సన్నని గీత కూడా గీయవచ్చు. దీని ఆన్‌లైన్ సేవను తయారీదారు నింటెండో 2014 మేలో మూసేసింది. కానీ పక్కపక్కన కూర్చున్నవాళ్లకు సర్వర్‌తో పనేమిటి? కొన్ని ఆటలైతే ఒక్క క్యాట్రిడ్జ్ ఉన్నా చాలు, పక్క డీఎస్‌లోకి గాలిలోనే వెళ్లిపోతాయి. హాస్టల్ కుర్రాళ్లకు ఇంతకంటే ఏం కావాలి!

2017 నాటి స్విచ్‌కు ఫోనులాంటి టచ్ తెర. టీవీకి తగిలించుకోవచ్చు, దూరంగా ఉన్న స్నేహితులతోనూ ఆడవచ్చు. కాకపోతే చాలా ఆటలను ఆన్‌లైన్‌లో ఆడాలంటే చందా కట్టాలి. హాస్టల్ వైఫై సంగతి వాడే చెప్పాలి.

నా ఓటు డీఎస్‌లో సన్నని రకమైన డీఎస్ లైట్‌కే. ఎండలో తెర వెలవెలబోతుంది, బస్సు కర్టెన్ లాగుకోవాలి. అయినా గేమ్ బాయ్ తర్వాతి తరమైన గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాట్రిడ్జ్‌లు కూడా అందులో ఆడతాయి. కొనేముందు కుడివైపు మడతబందు దగ్గర పగులు ఉందేమో చూడాలి, అది దీనికి మామూలు జబ్బు. సెట్టింగుల్లో తెరను సరిచేసి, నాలుగు మూలలా స్టైలస్ ఆనించాలి. గుర్తు వేరేచోట పడుతుంటే పొర పాడైనట్టే, బేరం వదిలేయాలి. ఛార్జర్ కూడా అడిగి తీసుకోవాలి, ఫోనుది దానికి పట్టదు.