బంతి ఎగిరిన ఎత్తు కొలవాలా, టక్‌ల మధ్య సమయం కొలవాలా?

బంతి ప్రత్యావస్థాన గుణకం (e), అంటే తాకి లేచే వేగాన్ని తాకే ముందున్న వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య, కనుక్కోవడానికి ఇంట్లో రెండు దారులున్నాయి. టేబుల్ టెన్నిస్ నిబంధన ప్రకారం 30 సెం.మీ. నుంచి వదిలిన బంతి బల్లపై సుమారు 23 సెం.మీ. లేవాలి. దాన్నే తీసుకుందాం.

ఎత్తు: స్కేలు చాలు, ఖర్చు లేదు. ఎత్తుల నిష్పత్తి e², అంటే 23/30. e దాదాపు 0.876. తర్వాతి ఎత్తులు 17.6, 13.5 సెం.మీ. ఇలా తగ్గుతాయి.

సమయం: ఫోనులో శబ్దం రికార్డు చేసి, తరంగచిత్రంలో టక్‌ల మధ్య వ్యవధి చూడాలి. ఇక్కడ 0.433, తర్వాత 0.379 సెకన్లు. వీటి నిష్పత్తే e, వర్గమూలం అక్కరలేదు.

అసలు తేడా బంతి ఆగేదాకా పైకీ కిందికీ తిరిగే మొత్తం దూరం దగ్గర బయటపడుతుంది. వదిలిన ఎత్తు H అయితే సూత్రం H(1+e²)/(1−e²), ఇక్కడ 227 సెం.మీ. బంతి శిఖరాన ఆగేది క్షణమే, కన్ను కాస్త పైనుంచి చూసినా సెంటీమీటరు తప్పుతుంది. 23 బదులు 24 అని చదివితే మొత్తం 270 అవుతుంది, 22 అంటే 195! హారంలోని 1−e² చిన్నది కాబట్టే ఇంత గోల. వ్యవధిలో మిల్లీసెకను తప్పితే తేడా నాలుగైదు సెంటీమీటర్లే.

అయితే తివాచీ మీద టక్ వినిపించదు. బంతి పక్కకు దొర్లుతూ పోతే రెండు పద్ధతులూ దండగే.

ఒక్క ఎగురు ఎత్తు నిబంధనకు సరిపోతుందో లేదో చూడాలంటే స్కేలు చాలు. మొత్తం దూరం కావాలన్నా, బాగా ఎగిరే బంతి అయినా శబ్దాన్నే నమ్మండి.