డేట్ పెట్టి కలవడం: ఏడాది పైన వాడినంక నా రివ్యూ

పిల్లల కోసం ట్రీట్‌మెంట్ తీసుకునేటోళ్లకి ఈ వరస తెలిసే ఉంటది. పీరియడ్ వచ్చిన రెండో రోజో మూడో రోజో గుడ్డు పెరిగేటందుకు లెట్రోజోల్ గోళీలు మొదలు, తొమ్మిదో పదో రోజు నుంచి స్కానింగులు, గుడ్డు 18 నుంచి 20 మిల్లీమీటర్లకు వచ్చినంక అది విడుదలయ్యేటందుకు రప్చర్ ఇంజెక్షన్, ఆఖరికి చీటీ మీద "ఈ రెండు రాత్రులు తప్పకుండా కలవండి". మేము హన్మకొండలో ఉంటూ ఏడాది పైనే ఇదే చేసినం. మందులకు 5కి 4 ఇస్త, గుడ్డు మంచిగనే పెరుగుతుండె. ఆ చీటీకి మాత్రం 1. ఎందుకంటే ఆ రెండు రాత్రులే నాకు అంగం గట్టిపడకపోతుండె, మిగతా నెలంతా ఏ ఇబ్బందీ లేదు.

ఒక నెల సంగతి చెప్త. సోమవారం స్కాన్‌ల గుడ్డు 19 ఉంది, రాత్రి 9 గంటలకు ఇంజెక్షన్ ఇచ్చిన్రు, చీటీల మంగళవారం, బుధవారం రాసిన్రు. మంగళవారం డ్యూటీ నుంచి వచ్చినప్పటి నుంచే గడియారం మీదనే ధ్యాస, అవతల రూంల అమ్మ టీవీ చూస్తుంది, మా మిసెస్ ఏం అనకుండనే లైట్ బంద్ చేసింది, నాకేమో గుండె దడదడ తప్ప ఇంకేం లేదు. ఆమె అటు తిరిగి పడుకుంది, నేనంటే ఇష్టం పోయిందనుకుందట, నాకు తర్వాత ఎప్పుడో చెప్పింది. బుధవారం ఇంకా ఘోరం, నిన్నటిది గుర్తొచ్చి మొదలు పెట్టకముందే మెత్తబడిపోయింది.

యూరాలజీ డాక్టర్ దగ్గరికి పోతే ఆయన ముందు అడిగింది పొద్దున లేచినప్పుడు గట్టిగ ఉంటదా అని. ఉంటది సార్ అన్న. అయితే నరాలు, రక్తప్రసరణ బాగనే ఉన్నట్టు, టెన్షన్ పడితే అడ్రినలిన్ ఎక్కువై అంగంల రక్తనాళాలు బిగుసుకుంటయి, రక్తం నిండదు, ఎంత బలవంతం చేస్తే అంత బిగుసుకుంటది అన్నడు. షుగర్, బీపీ ఎట్లాగూ చూపించిండు. పొద్దున కూడా లేకపోతే, లేదంటే ఏ రోజు చూసినా ఇదే పరిస్థితి ఉంటే అది వేరే సంగతి, టెస్టులు చేయించాల్సిందే.

మాకు అసలు పనికొచ్చింది ఆయన చెప్పిన ఇంకో ముక్క. ఇంజెక్షన్ ఇచ్చినంక దాదాపు 36 గంటలకు గుడ్డు విడుదలైతది, అంటే మా లెక్కల బుధవారం పొద్దున. గుడ్డు 12 నుంచి 24 గంటలే ఉంటది గాని వీర్యకణాలు ఆడవాళ్ల లోపల 5 రోజుల దాక బతుకుతయి. అంటే ఆదివారం కలిసినా లెక్కలకు వస్తది! మంగళవారం తప్పితే నెలంతా వేస్ట్ అని ఏడ్చుడు అవసరమే లేకుండె. చీటీల ఈ ఒక్క లైన్ రాస్తే వాళ్ల సొమ్మేం పోయేదో.

ఆనెంక భద్రకాళి బండ్ మీద నడుచుకుంట ఇద్దరం మాట్లాడుకున్నం, ఇంట్ల ఈ మాటలు కుదరయి. పీరియడ్ ఆగిన కాన్నుంచి గుడ్డు విడుదలయ్యే దాక రోజు విడిచి రోజు కలవాలె, స్కాన్ నంబర్లు ఆమె దగ్గరే ఉండాలె, నేను అడగొద్దు. ఆమె అన్నది, "నాకు ఇంజెక్షన్ నొప్పి ఉన్న రోజు నేను వద్దంటే నువ్వు కూడా మొహం మాడ్చుకోవద్దు" అని. ఇది నాకు తట్టనే లేదు, టెన్షన్ నా ఒక్కనిదే అనుకుంటున్న. ఇంకోటి, గట్టిపడకపోతే అక్కడితో ఆపి వేరే ముచ్చట పెట్టుకునుడు, ప్రయత్నం చేసుకుంట కూసునుడు లేదు. రాత్రికి బదులు ఆదివారం పొద్దునకు మార్చినం, అమ్మ గుడికి పోతది, ఇల్లు ఖాళీ. రెండు మూడు నెలల్ల తేడా తెలిసింది, పూర్తిగా పోలేదు గాని ఒకరోజు కాకపోతే వారం పాడైపోవుడు ఆగింది.

అంగం గట్టిపడేటందుకు సిల్డెనాఫిల్ 50 గోళీ డాక్టర్ రాసిచ్చిండు, గంట ముందు, కడుపు నిండ తినకుండ వేసుకోవాలె. పనిచేస్తది, కాని మనసుల కోరిక లేకుండ గోళీ ఒక్కటే ఏం చేయదు, నాకు తలనొప్పి కూడా వస్తుండె. గుండెకు నైట్రేట్ గోళీలు వాడేటోళ్లు దీన్ని ముట్టొద్దు, బీపీ పడిపోతది. మెడికల్ షాపుల ఊకె అడిగి తెచ్చుకోకండి.

అన్నిటికంటే ధీమా ఇచ్చింది మాత్రం రెండో దారి ఉండుడే. అస్సలు కాని రోజు వీర్యం శుభ్రమైన డబ్బాల పట్టి, పల్చబడినంక సూది లేని సిరంజితో యోనిలోనే వదలొచ్చు, గర్భసంచిలకు నెట్టొద్దు, ఎట్ల చేయాల్నో క్లినిక్‌ల నర్సుతోని నేర్చుకున్నం. మామూలు జెల్లీ, ఉమ్మి వాడొద్దు, వీర్యకణాల కదలిక తగ్గుతది. ఐయూఐ, అంటే క్లినిక్‌ల డాక్టరే వీర్యాన్ని గర్భసంచిలకు ఎక్కించుడు, దాకా పోతే శాంపిల్ ఆ రోజే, ఎక్కువసార్లు అక్కడి బాత్రూంలనే ఇయ్యాలె, అక్కడ కూడా ఇదే గోస, కాబట్టి ముందుగనే ఒకటి ఫ్రీజ్ చేసి పెడతరా అని అడగండి. మేము పెట్టించినం. అది వాడే అవసరం ఇంకా రాలేదు.