కొర్రన్నమా, తెల్లన్నమా, చపాతీయా: ఒళ్లు తగ్గాలంటే ఏది మేలు?

మా వదినది నంద్యాల. పోయిన ఏడాది డాక్టరు బరువు తగ్గమన్నారని రాత్రిపూట తెల్లన్నం మానేసి కొర్రన్నం మొదలుపెట్టింది. రెండు నెలలు నియమం తప్పలేదు. అప్పుడు తూకం వేసుకుంటే ఒక కిలో పెరిగింది. "అన్నం ముట్టుకోలేదమ్మా, అయినా ఇట్లా ఎట్లయితది?" అని ఆమె ఫోన్‌లో అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. మరుసటి వారం వాళ్లింటికి వెళ్లినప్పుడు వంటగదిలో చిన్న త్రాసు పెట్టి ఆమె రాత్రి కంచాన్ని ఒక్కొక్కటిగా తూచాం.

ఆమె బియ్యం కొలిచే గ్లాసుకు వంద గ్రాములు పట్టేది. అంటే దాదాపు 356 క్యాలరీలు. అదే గ్లాసుతో కొర్రలు కొలిచింది, అవీ ఇంచుమించు వంద గ్రాములే, 330 క్యాలరీలు. మారింది ఇరవై ఐదు క్యాలరీలు, ఒక బిస్కెట్టంత కూడా కాదు. కొర్రన్నం పొడిపొడిగా ఉండి గొంతు దిగడం లేదని రెండు చెంచాల నెయ్యి వేసుకుంటోంది, అది తొంభై. పచ్చిపులుసు చాలడం లేదని పక్కన పల్లీల పచ్చడి, అందులో ముప్పై గ్రాముల పల్లీలు, ఇంకో నూట యాభై పైమాట. కంచం మొత్తం చూస్తే పాత తెల్లన్నం కంచం కంటే రెండు వందల పైన ఎక్కువైంది. తప్పు కొర్రలది కాదు. కొర్రలు తింటే చాలు ఒళ్లు కరిగిపోతుందని ఆమెకు చెప్పినవాళ్లది.

అందుకే ముందు క్యాలరీల సంగతి తేల్చుకుందాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహారపదార్థాల పట్టికలు విడుదల చేసింది. వాటిలోని అంకెలు ఇవి, అన్నీ వండకముందు వంద గ్రాములకు.

| గింజ / పిండి | క్యాలరీలు | పీచు (గ్రా.) | ప్రొటీన్ (గ్రా.) |
|---|---|---|---|
| తెల్ల బియ్యం | 356 | 2.8 | 7.9 |
| గోధుమ పిండి | 320 | 11.4 | 10.6 |
| మైదా | 352 | 2.8 | 10.4 |
| జొన్నలు | 334 | 10.2 | 10.0 |
| సజ్జలు | 348 | 11.5 | 11.0 |
| రాగులు | 321 | 11.2 | 7.2 |
| సామలు | 346 | 7.7 | 10.1 |

మొదటి వరుసనూ చివరి వరుసనూ పోల్చి చూడండి. తెల్ల బియ్యానికీ సామలకూ తేడా పది క్యాలరీలు. ఏ గింజైనా ఎండబెట్టిన పిండిపదార్థమే కాబట్టి వంద గ్రాములకు మూడు వందల ఇరవై నుంచి మూడు వందల అరవై మధ్యే తిరుగుతుంది. క్యాలరీలు తక్కువని చిరుధాన్యాలు తినేవాళ్లకు ఆ లాభం దక్కదు.

తేడా పీచులో ఉంది. తెల్ల బియ్యం దగ్గర అది నిజంగా పెద్ద తేడా. జొన్న, రాగి, సజ్జ మూడింటిలోనూ పాలిష్ బియ్యం కంటే నాలుగింతల దాకా పీచు ఉంది. కానీ పట్టికలో చాలామంది దాటేసే వరుస రెండోది. మామూలు గోధుమ పిండిలో జొన్నలకంటే కొంచెం ఎక్కువే పీచు ఉంది. చపాతీ మానేసి జొన్నరొట్టెకు మారినవాళ్లకు పీచు పెరగదు. పొట్టు జల్లించేయని పిండి అయితేనే ఈ మాట. జల్లించి తెల్లగా చేసిన పిండి మైదా వైపు జరిగిపోతుంది.

అయినా చపాతీకీ జొన్నరొట్టెకూ మధ్య నేను జొన్నరొట్టెనే ఎంచుకుంటాను. కారణం పీచు కాదు, నూనె. చపాతీ పిండి కలిపేటప్పుడు ఒక చెంచా, కాల్చేటప్పుడు ఒక్కో చపాతీకి రెండు వైపులా కలిపి ఇంకో చెంచా పడుతుంది. ఒక్క చెంచా నూనె అంటే నలభై ఐదు క్యాలరీలు. మూడు చపాతీలకు కాల్చే నూనే నూట ముప్పై దాటిపోతుంది, అది ఇంకో చపాతీ తిన్నట్టే. జొన్నపిండిలో గోధుమలో ఉండే సాగే గుణం లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే మెదిపి, అరచేత్తో తడుతూ తిప్పాలి. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లు రాసి, అది ఆరగానే తిప్పి, చివర నిప్పుల మీద పొంగిస్తారు. ఎక్కడా నూనె చుక్క అవసరం ఉండదు. ఇంట్లో చపాతీ కూడా నూనె లేకుండా పుల్కాలా చేసుకునేవాళ్లయితే రెండింటిలో ఏదీ ఎక్కువ కాదు.

ఒక జాగ్రత్త. జొన్నరొట్టె పలచగా కనిపిస్తుంది గానీ యాభై గ్రాముల పిండి లేనిదే ఒక రొట్టె కాదు. రెండు రొట్టెలంటే వంద గ్రాముల పిండి, 334 క్యాలరీలు. మా వదిన గ్లాసు బియ్యంతో దాదాపు సమానం. "రెండు రొట్టెలే కదా తిన్నాం" అనుకునేవాళ్లు ఒకసారి పిండి తూచి చూడాలి.

ఇక కడుపు నిండటం. బరువు తగ్గేవాళ్లకు అసలు విషయం ఇదే, ఎందుకంటే రాత్రి తొమ్మిదికి మళ్లీ ఆకలేస్తే ఏ లెక్కా నిలవదు. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం ఒక పరీక్ష చేసింది. ఒక్కో ఆహారాన్ని సరిగ్గా 240 క్యాలరీలకు సమానంగా తూచి పెట్టి, రెండు గంటలపాటు కడుపు ఎంత నిండుగా ఉందో అడిగారు. తెల్ల బ్రెడ్డును వందగా లెక్కిస్తే తెల్లన్నానికి 138 వచ్చింది, ముడి గోధుమ బ్రెడ్డుకు 157. ఉడికించిన బంగాళాదుంపకు 323. మనం తిట్టిపోసే తెల్లన్నం అట్టడుగున లేదు. అన్నం ఉడికేటప్పుడు తన బరువుకు రెట్టింపు దాకా నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి అదే క్యాలరీలకు రొట్టెకంటే పెద్ద ముద్ద వస్తుంది. రొట్టె పిండిలో నీళ్లు తక్కువ, కాలేటప్పుడు వాటిలోనూ కొంత ఎగిరిపోతాయి.

ఆ పరీక్షలో చిరుధాన్యాలు లేవు. వాటి గురించి 2018లో వచ్చిన మాలి దేశపు అధ్యయనం చెబుతుంది. అక్కడి జొన్న, సజ్జలతో చేసే గట్టి సంకటి, రవ్వలాంటి వంటకం కడుపులోంచి ఖాళీ అవడానికి అన్నం, పాస్తా, బంగాళాదుంపల కంటే చాలా ఎక్కువ సమయం తీసుకున్నాయి. గట్టి సంకటి అన్నది గమనించాలి. మన రాయలసీమ సంకటికి ఇది దగ్గర. రాగి జావకు ఇది వర్తిస్తుందని నేను అనుకోను. నమలాల్సిన పని లేకుండా గ్లాసులో తాగేసిన జావ తేలిగ్గా దిగిపోతుంది, ఆకలీ త్వరగా వేస్తుంది. ముప్పై గ్రాముల పిండితో, మజ్జిగతో కలిపిన జావ వంద క్యాలరీల పైచిలుకు, అది ఎండాకాలం ఉదయానికి బాగానే ఉంటుంది. అందులో బెల్లం పడితే ఒళ్లు తగ్గడానికి ఏ సాయమూ చెయ్యదు.

చిరుధాన్యాలు కొనేటప్పుడు జరిగే మోసం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, పీచు అంతా అక్కడే పోతుంది కాబట్టి. జొన్న, సజ్జ, రాగి గింజలకు పైన తినలేని గట్టి పొట్టు ఉండదు, నూర్పిడిలోనే గింజ బయటపడుతుంది. నేరుగా మిల్లులో పట్టించుకోవచ్చు, జల్లించకపోతే తవుడంతా పిండిలోనే ఉంటుంది. రాగులు మరీ చిన్నవి, తవుడు తీయడం కష్టం, అందుకని పట్టించినవి పూర్తి గింజలే. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అలా కాదు. వాటికి పైన గట్టి ఊక ఉంటుంది, అది తీయక తప్పదు. ఊక తీసే యంత్రంలోనే ఇంకో విడత తిప్పితే తవుడూ పోతుంది, గింజ తెల్లగా మెరుస్తుంది, కొనేవాళ్లకు నచ్చుతుంది, నిల్వ ఉంటుంది. అలాంటి కొర్రబియ్యానికీ పాలిష్ బియ్యానికీ పీచులో దూరం బాగా తగ్గిపోతుంది.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. పాలిష్ పట్టని కొర్రలు పసుపు కలిసిన మసక రంగులో ఉంటాయి, మెరవవు, మధ్యమధ్య గోధుమరంగు పొరలు కనిపిస్తాయి. ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, ముందు నాలుగు గంటలైనా నానబెట్టాలి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి రెండు మూడు నెలలకే ముక్క వాసన మొదలవుతుంది. నానబెట్టకుండా పావుగంటలో మల్లెపువ్వులా ఉడికిపోయే కొర్రలు చాలావరకు పాలిష్ పట్టినవే. సజ్జపిండి ఇంకా త్వరగా చేదెక్కుతుంది, వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి.

తెల్లన్నం వదల్లేనివాళ్ల సంగతి. మా నాన్నకు రొట్టె పళ్లకు పనికిరాదు, సంకటి నచ్చదు. ఆయన కంచాన్ని ఇలా మార్చాం. బియ్యం అరవై గ్రాములు, కందిపప్పు ముప్పై గ్రాములు, ఒక చెంచా నూనెతో నూట యాభై గ్రాముల గోరుచిక్కుడు కూర. మొత్తం నాలుగు వందల ఇరవై క్యాలరీల లోపు. పీచు పదకొండు గ్రాములు దాటుతుంది, ప్రొటీన్ బియ్యం, పప్పుల నుంచే పదకొండు. వంద గ్రాముల జొన్నపిండిలో ఉన్న పీచు కంటే ఇది కొంచెం ఎక్కువే. గోరుచిక్కుడు స్థానంలో చిక్కుడు, బీన్స్ వేసినా లెక్క మరీ మారదు. సొరకాయ వేస్తే నీళ్లు పెరిగి కడుపు నిండుతుంది గానీ పీచు తక్కువ.

కాబట్టి నా తీర్పు ఇది. కూరలు, పప్పు తక్కువగా తిని అన్నం గుట్టగా పెట్టుకునే ఇంట్లో జొన్నరొట్టె, సంకటి నిజంగా మేలు చేస్తాయి, ఎందుకంటే పీచంతా గింజలోనే వస్తుంది, రొట్టె నమలడంలో వేగం కూడా తగ్గుతుంది. కూరలు బాగా తినే ఇంట్లో తెల్లన్నం కొలిచి పెట్టుకున్నా అంతే ఫలితం. గోధుమ నుంచి చిరుధాన్యాలకు మారితే ఒంట్లో కొవ్వుకు తేడా రాదు. రాగుల్లో సున్నం వందకు 364 మిల్లీగ్రాములు ఉంటుంది, అది మారడానికి మంచి కారణమే, కానీ వేరే కారణం.

ఒక్కసారిగా మూడు పూటలా మారొద్దు. పీచు పెరిగిన మొదటి వారం కడుపు ఉబ్బరం రావచ్చు, నీళ్లు పెంచుతూ ఒక్కో పూట మారాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లు సజ్జలు రోజూ తినకపోవడం మంచిది, అందులోని కొన్ని పదార్థాలు ఆ గ్రంథి పనికి అడ్డుపడతాయి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు గింజ మార్చే ముందు డాక్టరుకు చెప్పాలి, మోతాదు సవరించాల్సి రావచ్చు.

మా వదిన కొర్రలు మానలేదు. గ్లాసు లోపల అరవై గ్రాముల దగ్గర గోళ్లరంగుతో గీత పెట్టింది. నెయ్యి అర చెంచా. పల్లీల పచ్చడి స్థానంలో పుల్లగోంగూర పప్పు, పక్కన గిన్నెడు బెండకాయ. సంక్రాంతికి కలిసినప్పుడు నాలుగు కిలోలు తగ్గింది, రాత్రి ఆకలితో లేవడం లేదని చెప్పింది.