వాయిస్‌లో మాట్లాడింది హిస్టరీలో ఉంటుంది, కానీ మనం మాట్లాడినట్టే ఉండదు

ఏఐ యాప్‌లో వాయిస్ బటన్ నొక్కి మాట్లాడిందంతా ఆ తర్వాత టెక్స్ట్‌గా ఉంటుందా, గాలిలో కలిసిపోతుందా అనే అనుమానం చాలామందికి ఉంది. ఉంటుంది. కాల్ కట్ చేయగానే మనం అన్నది ఒకవైపు, అది చెప్పింది ఒకవైపు మామూలు చాట్ లాగే కనిపిస్తుంది. వాట్సాప్ కాల్ అయితే ఎన్ని నిమిషాలు మాట్లాడామన్నది తప్ప ఏమీ మిగలదు, ఇక్కడ మాటలే మిగులుతాయి. అందుకే మొదట్లో నేను దీన్ని తెగ మెచ్చుకున్నాను, మా బంధువుల గ్రూపులో అందరికీ చెప్పాను కూడా. ఆ మెచ్చుకోలును ఇప్పుడు కాస్త తగ్గించుకోవాల్సి వచ్చింది. హిస్టరీలో నా వైపు కనిపించే వాక్యమూ, ఆ యాప్ నా నోటి నుంచి విన్న మాటా ఒకటే అయి ఉండాలని లేదు.

యాప్ పేరు చెప్పడం లేదు. మా ఇంట్లో ఇద్దరి ఫోన్లలో రెండు వేర్వేరు యాప్‌లు ఉన్నాయి, ఈ జబ్బు రెండింటికీ ఉంది.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి, తెలిసినవాళ్ళ ద్వారా వచ్చే ఆర్డర్లకు పంపిస్తాం. ఎండాకాలంలో రోజంతా చేతులకు కారం, నూనె. ఆ చేత్తో ఫోన్ ముట్టుకోవడం కుదరదు, పొరపాటున ముట్టుకున్నా తర్వాత కన్ను నలుపుకుంటే అంతే సంగతులు. కాబట్టి ఫోన్‌ను గట్టు మీద నిలబెట్టి, వాయిస్ ఆన్ చేసి, పాళ్ళు చెబుతూ పని చేసుకుంటాను. రాత్రి చేతులు కడుక్కున్నాక ఆ టెక్స్ట్ తెరిచి పుస్తకంలో ఎక్కిస్తాను. నాకు ఈ యాప్‌తో ఉన్న పని ఇదొక్కటే, కాబట్టి నా తీర్పు కూడా దీన్నిబట్టే.

పోయిన ఆవకాయ సీజన్‌లో హైదరాబాద్ ఆర్డర్ ఒకటి వచ్చింది. మార్కెట్ నుంచి తెచ్చిన కాయలు ముక్కలు కొట్టించి, జీడి తీసి, తుడిచి తూకం వేస్తే పన్నెండున్నర కిలోలు తేలాయి. మా పాళ్ళు కిలో ముక్కలకు 200 గ్రాముల కారం, 200 గ్రాముల ఆవపిండి, 180 గ్రాముల ఉప్పు. ఇది నోటితో చెప్పాను. యాప్ లెక్క కట్టి కారం రెండున్నర కిలోలు, ఆవపిండి రెండున్నర, ఉప్పు రెండుంపావు అని వినిపించింది. సరిగ్గా ఉంది. కలిపేశాను. ఆ జాడీకి ఏ లోటూ రాలేదు.

ఆ వారంలోనే అదే ఇంటి నుంచి దానికి రెట్టింపు ఆర్డర్ వచ్చింది. ఈసారి చేతులు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి పాత చాట్ తెరిచి, కిందే టైప్ చేశాను, దీనికి రెట్టింపు లెక్క కావాలని. వచ్చిన జవాబు: కారం 4.8 కిలోలు, ఉప్పు 4.32 కిలోలు. రెండున్నరకు రెట్టింపు అయిదు కదా, ఈ నాలుగు పాయింట్ ఎనిమిది ఎక్కడిది? పైకి జరిపి చూశాను. నా వాక్యంలో "పన్నెండు కిలోల ముక్కలు" అని ఉంది. అర కిలో మాయం. దాని కిందే యాప్ ఇచ్చిన జవాబులో మాత్రం కారం 2.5 అనే ఉంది, ఉప్పు 2.25 అనే ఉంది. పన్నెండు కిలోలకయితే 2.4, 2.16 రావాలి. అంటే లెక్క కట్టేటప్పుడు అది పన్నెండున్నర అనే విన్నది. రాసుకున్నది మాత్రం పన్నెండు.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పాతిక కిలోల ముక్కలకు 180 గ్రాముల ఉప్పు తగ్గడమంటే ఆవకాయ పెట్టేవాళ్ళకు అర్థమవుతుంది. కారం తగ్గితే రుచి తగ్గుతుంది, అంతే. ఉప్పు తగ్గితే జాడీ మూతకింద బూజు వస్తుంది, అదీ ఆర్డర్ పంపేశాక.

వినడంలో సరిగ్గా ఉండి రాయడంలో తప్పెలా పోతుంది? మా తమ్ముడు విజయవాడలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, వాడు చెబితే అర్థమైంది. పాతకాలం పద్ధతిలో మన మాట ముందు టెక్స్ట్ అవుతుంది, ఆ టెక్స్ట్ చదివి మోడల్ జవాబిస్తుంది. అందులో రాత తప్పితే జవాబూ తప్పుతుంది, వెంటనే పట్టుకోవచ్చు. ఇప్పుడు వస్తున్న వేగమైన వాయిస్ పద్ధతిలో మోడల్ మన గొంతునే నేరుగా తీసుకుంటుంది. స్క్రీన్ మీద కనిపించే మన మాటలను పక్కన ఇంకో మోడల్ విడిగా విని రాసిపెడుతుంది.

"అక్కా, జవాబు చెప్పేది ఒకడు, పక్కన కూర్చుని మినిట్స్ రాసేది ఇంకొకడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు" అన్నాడు.

ఇది వాడి ఊహ కాదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ, ఇలాంటి వాయిస్ యాప్‌లు కట్టే డెవలపర్ల కోసం ఇచ్చిన రియల్‌టైమ్ ఏపీఐ పత్రాల్లోనే ఈ సంగతి రాసి ఉంది. ఇన్‌పుట్ ఆడియోకు ఇచ్చే టెక్స్ట్ వేరే మోడల్ నుంచి వస్తుందనీ, దాన్ని ఒక సూచనగా చూడాలే తప్ప మోడల్ సరిగ్గా అదే విన్నదని అనుకోవద్దనీ దాని సారం. మా ఇంట్లో ఉన్న యాప్‌లు లోపల ఎలా కట్టారో నేను చూడలేదు గానీ, లక్షణాలన్నీ దీనికి సరిపోయాయి.

రెట్టింపు లెక్క ఎందుకు తప్పిందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. వాయిస్ నడుస్తున్నంతసేపు నేను మళ్ళీ ఎన్నిసార్లు పాళ్ళు చెప్పించుకున్నా సరిగ్గానే వచ్చేవి. కట్ చేసి, తర్వాత అదే చాట్‌లో టైప్ చేస్తేనే తేడా. నాకు కనిపించినంతవరకు అప్పుడది పాత టెక్స్ట్ చదువుకుని జవాబిస్తోంది, ఆ టెక్స్ట్‌లో పన్నెండే ఉంది మరి. కాబట్టి తప్పు రాసిన హిస్టరీ ఊరికే పడి ఉండదు, తర్వాతి జవాబుకు అదే ఆధారం అవుతుంది. నాకు అసలు కోపం ఇక్కడే.

ఆ తర్వాత పాత చాట్లన్నీ ఒకసారి తిరగేశాను. చాలావరకు బాగానే ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. తప్పులున్నవి ఎక్కువగా పావులు, అరలు, ముప్పావుల దగ్గర, మళ్ళీ వెనక మిక్సీ తిరుగుతున్నప్పుడు. ఒకచోట "ఉప్పు" కాస్తా "పప్పు" అయింది. ఇంకోచోట నేను "ఆఁ, సరే" అన్నది ఏదో హిందీ ముక్కగా కనిపించింది. అన్నిటికన్నా విచిత్రం, మిక్సీ ఆడుతున్నంతసేపూ నేను నోరు మెదపని చోట నా వైపు "చూసినందుకు ధన్యవాదాలు" అని ఉంది! నేనేమైనా వంటల ఛానెల్ నడుపుతున్నానా? ఇలాంటి మోడళ్ళు ఇంటర్‌నెట్‌లోని వీడియోల సబ్‌టైటిల్స్ మీద కూడా నేర్చుకుంటాయట. మాట లేకుండా రొద మాత్రమే ఉన్నప్పుడు వాటికి అలవాటైన వాక్యమేదో రాసేస్తాయని, ఇది అందరికీ తెలిసిన జబ్బేనని తమ్ముడు నవ్వాడు.

మా అత్తయ్యగారి మాటలు కూడా నా వైపే పడ్డాయి. వంటింట్లో ఇద్దరం ఉంటాం కదా. ఆవిడ పక్కింటివాళ్ళ పెళ్ళి సంబంధం గురించి అన్నది, మెంతుల పాళ్ళ మధ్యలో, నేనన్నట్టు ఉంది. ఎవరి గొంతు ఎవరిదో అది వేరు చేయలేదు. అలాంటి చాట్ ఉంచుకోవడం ఇష్టం లేక తీసేశాను. తీసేయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే హిస్టరీలో కనిపించకపోవడం, వాళ్ళ దగ్గర లేకపోవడం ఒకటి కాదు. చాట్‌జీపీటీలో చాట్ డిలీట్ చేస్తే మన కంటికి వెంటనే పోతుంది, వాళ్ళ సిస్టమ్స్ నుంచి పోవడానికి 30 రోజుల దాకా పట్టవచ్చు. గూగుల్ వాళ్ళ జెమినీలో చాట్లు దాచిపెట్టే యాక్టివిటీ సెట్టింగ్ ఆఫ్ చేసుకున్నా మాటలు 72 గంటల వరకు ఉంటాయి. ఇవి ఆ కంపెనీలు తమ హెల్ప్ పేజీల్లో చెప్పుకున్నవే. ఇంటి విషయాలు మాట్లాడే చోట ఫోన్ తెరిచిపెట్టేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

జవాబు మధ్యలో అడ్డుపడితే ఏమవుతుందన్నది ఇంకో చిక్కు. అది పాళ్ళు చెబుతుండగా నేను "ఆగు ఆగు" అంటే ఆగిపోతుంది, బాగుంది. కానీ టెక్స్ట్‌లో కూడా అక్కడికే తెగిపోయి ఉంటుంది ఒక్కోసారి. మనం వినని ముక్కను రాతలోనూ ఉంచకూడదన్నది ఉద్దేశమట. ఉద్దేశం మంచిదే. అయితే రాత్రి పుస్తకంలో ఎక్కించేటప్పుడు ఆవపిండి దాకా ఉండి, నూనె లెక్క లేకపోతే మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇప్పుడు నేను చేసేది ఇది. వాయిస్ కట్ చేసే ముందు, మిక్సీ ఆపేసి, మొత్తం ముక్కల బరువుతో సహా పాళ్ళన్నీ వరసగా ఒకసారి చెప్పమంటాను, మధ్యలో అడ్డుపడను. ఆ చివరి జవాబు అది చెప్పినట్టే టెక్స్ట్‌లో దిగుతోంది ఇప్పటివరకు. రాత్రి నా వైపు రాసినవి చూడను, ఆ ఒక్క జవాబే చూస్తాను, దాన్నే కాపీ చేసి వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుంటాను. పన్నెండున్నర అనకుండా "పన్నెండు కిలోల అయిదు వందల గ్రాములు" అంటాను, అలా అంటే తప్పు తక్కువ పడుతోంది. మరుసటి రోజు లెక్క కావాలంటే పాత చాట్‌లో అడగను, పాళ్ళు ఇచ్చి కొత్తది మొదలుపెడతాను. ఎలాగూ చేతులు ఖాళీగా ఉంటే వాయిస్ మోడ్‌కే పోను, టైప్ చేసే డబ్బాలో ఉండే మైకు నొక్కుతాను. అక్కడ మన మాట టెక్స్ట్‌గా ముందే కనిపిస్తుంది, పంపే లోపు దిద్దుకోవచ్చు. వాయిస్ మోడ్‌లో అయిపోయిన మాటను దిద్దే వీలు నాకు కనిపించలేదు.

ఇంత చెప్పినా యాప్ తీసేయలేదు, తీసేయను కూడా. కారం చేతులతో రాసుకోవడం ఎలాగూ కుదరదు, అత్తయ్యగారికి చెబితే ఆవిడ రాయరు. నిశ్శబ్దంగా ఉండే గదిలో కూర్చుని, ఇంగ్లీషులో మాట్లాడుతూ, అంకెలతో పనిలేని కబుర్లు చెప్పుకునేవాళ్ళకు నేను పడ్డ తిప్పలు బహుశా రావు. లెక్కల కోసం తెలుగులో వాడేవాళ్ళయితే ఒక పాత చాట్ తెరిచి, మీ ప్రశ్నలో ఉన్న అంకెతో కింది జవాబు పొసుగుతోందో లేదో గుణించి చూసుకోండి. మా ఆయన ఫోన్‌లో అలా చూస్తే పాల లెక్కలో రెండు నెలలు తేడా పడ్డాయి, ఆ పంచాయితీ ఇంకా తేలలేదు.