టచ్ పోయిన ఫోన్‌కి మౌస్ తగిలిస్తే: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా ఇంట్లో టీవీ కింద సొరుగులో ఒక టైప్-సి ఓటీజీ అడాప్టర్, వైరున్న ఒక పాత మౌస్ ఎప్పుడూ ఉంటాయి. అడాప్టర్ అంటే పెద్ద వస్తువేమీ కాదు. ఒక కొస ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలోకి వెళ్తుంది, రెండో కొసలో మామూలు యూఎస్‌బీ మౌస్ పడుతుంది. ఏ మొబైల్ షాపులో అడిగినా వందా రెండొందల్లో దొరుకుతుంది. కొన్నప్పుడు పెన్‌డ్రైవ్ కోసమని కొన్నాను. ఇన్నేళ్లలో ఎక్కువగా పనికొచ్చింది మాత్రం చుట్టాల పగిలిన ఫోన్లకే.

ముందే తీర్పు చెప్పేస్తాను. స్క్రీన్ మీద బొమ్మ కనిపిస్తూ టచ్ ఒక్కటే పోయిన ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఇంతకంటే చవకైన మందు లేదు. అయితే ప్యాటర్నో పిన్నో తెలిసుండాలి, ఫోన్‌లో ఓటీజీ పనిచేస్తూ ఉండాలి. ఇక "అన్నీ గూగుల్‌లో ఉంటాయిలే" అన్న ధీమా మాత్రం నేను చూసిన చాలా ఫోన్లలో సగమే నిజమైంది. ఈ మధ్య మా పెద్దమ్మ కొడుకు ఫోన్ విషయంలోనూ అదే జరిగింది.

అన్నయ్యది ఖమ్మంలో ఎరువుల దుకాణం. ఫోన్ బండి మీద నుంచి జారి రోడ్డున పడింది. అద్దం పగిలి, ఎడమవైపు పైమూల ఇంకు ఒలికినట్టు నల్లగా అయింది. మిగతా అంతా కనిపిస్తోంది గానీ వేలు పెడితే చలనం లేదు. అక్కడి షాపతను డిస్‌ప్లే మారిస్తే డేటా అంతా పోతుందన్నాడట. అది నిజం కాదు. డేటా ఉండేది బోర్డు మీద చిప్‌లో, స్క్రీన్‌లో కాదు. షాపువాళ్లే రీసెట్ కొడితే తప్ప స్క్రీన్ మార్చినంత మాత్రాన ఏదీ చెరిగిపోదు. కానీ ఆ మోడల్ డిస్‌ప్లే రావడానికి వారం పడుతుందన్నారు, అది సీజను. "ఒరేయ్, ఫోటోలు పోతే పోయాయిరా, నంబర్లు మాత్రం కావాలి" అని ఫోన్ పట్టుకొని మా ఇంటికి వచ్చేశాడు.

ముందు కంప్యూటర్‌లో ఆయన జీమెయిల్‌తో contacts.google.com తెరిచాం. పాత ఫోన్ నాటి నంబర్లు కొన్ని ఉన్నాయి, అంతే. "కొణిజర్ల పత్తి వెంకన్న", "వైరా మిర్చి పెద్దాయన" లాంటి ఆయనకు కావలసిన పేర్లు ఒక్కటీ లేవు. కారణం మామూలే. కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు పైన ఎక్కడ దాచాలో చూపిస్తుంది. అక్కడ గూగుల్ ఖాతా కాకుండా ఫోన్ అనో సిమ్ అనో ఉంటే ఆ నంబరు గూగుల్‌కి చేరదు. ఒకసారి ఫోన్ అని ఎంచుకుంటే తర్వాతవన్నీ అక్కడికే పోతుంటాయి, ఎవరూ గమనించరు.

photos.google.com లో చివరి ఫోటో తేదీ చూస్తే కొన్ని నెలల కిందటిది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు నిండిపోయి బ్యాకప్ అక్కడే ఆగింది. 2021 జూన్ నుంచి నాణ్యత తగ్గించి దాచే ఫోటోలు కూడా ఆ 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి, జీమెయిల్‌తో కలిపి. కాబట్టి క్లౌడ్‌లో ఉన్నాయా లేవా అని తేల్చుకోవాలంటే ఫోటోలు కనబడుతున్నాయా అని కాదు, చివరిది ఏ తేదీదో చూడాలి. ఇంకో లొసుగు కూడా ఉంది. కెమెరాతో తీసినవి వాటంతట అవే వెళ్తాయి గానీ వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల ఫోల్డర్‌ను మనం విడిగా ఆన్ చేయాలి. అన్నయ్య బిల్లుల ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చినవే.

అంటే ఫోన్‌లోకి వెళ్లక తప్పదు. ఓటీజీకి కరెంటు ఫోన్ బ్యాటరీ నుంచే పోతుంది, మౌస్ ఉన్నంతసేపూ ఛార్జర్ పెట్టే వీలు లేదు. అందుకని ముందు ఫుల్ ఛార్జింగ్ పెట్టాం. తర్వాత అడాప్టర్ గుచ్చి మౌస్ తగిలిస్తే తెర మీద చిన్న బాణం గుర్తు వచ్చింది. అది వచ్చిందంటే సగం పని అయినట్టే. ఎడమ బటన్ నొక్కితే వేలితో తాకినట్టు, నొక్కిపట్టి లాగితే వేలితో జరిపినట్టు, చాలా ఫోన్లలో కుడి బటన్ నొక్కితే వెనక్కి వెళ్లినట్టు. ప్యాటర్న్ గీయాలంటే మొదటి చుక్క మీద ఎడమ బటన్ నొక్కి, చివరి చుక్క దాకా వదలకుండా లాగాలి. చెయ్యి మధ్యలో వదిలితే తప్పు ప్యాటర్న్ అవుతుంది. తప్పులు పెరిగేకొద్దీ ఫోన్ ఆగమనే సమయం కూడా పెరుగుతుంది, కనుక నెమ్మదిగా గీయాలి.

వేలిముద్రతో తెరవొచ్చు కదా అనుకోవద్దు. ఫోన్ ఒకసారి ఆఫ్ అయి ఆన్ అయితే మొదటిసారి ప్యాటర్నో పిన్నో అడుగుతుంది, వేలిముద్ర ఒప్పుకోదు. అందుకే పగిలిన ఫోన్‌ని పదేపదే రీస్టార్ట్ చేయొద్దని నేను అందరికీ చెబుతుంటాను.

పైమూల నల్లగా ఉండటంతో అక్కడి బటన్లు కనిపించలేదు. దానికో చిట్కా ఉంది. ఆటో రొటేట్ ఆన్ చేసి ఫోన్ అడ్డంగా తిప్పితే, ఆ మూలన ఉన్నవి జరిగి కనిపించే చోటికి వస్తాయి. ఇన్నేళ్లలో ఎన్నో పనులు ఇలాగే గట్టెక్కాయి.

లోపలికి వెళ్లాక మొదట నంబర్లు. గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో "Organise" కింద "Export to file" ఉంటుంది. ఏ ఖాతావి కావాలో అడిగితే ఫోన్‌లో ఉన్నవి ఎంచుకున్నాం. contacts.vcf అనే చిన్న ఫైల్ తయారైంది. దాన్ని వైఫై మీద ఆయన జీమెయిల్‌కే పంపించి, కంప్యూటర్‌లో contacts.google.com లో ఇంపోర్ట్ చేశాం. పత్తి వెంకన్న, మిర్చి పెద్దాయన అందరూ వరసగా వచ్చేశారు. తెలుగులో రాసిన పేర్లు కూడా చెక్కుచెదరలేదు. అన్నయ్య టెన్షన్ అక్కడితో తీరింది, టీ అడిగాడు.

ఫోటోల దగ్గరే అసలు చిక్కు, దీని గురించి ముందే తెలిసి ఉండటం మంచిది. ఫోన్‌కి ఉన్నది ఒకటే రంధ్రం. మౌస్ తీసి కంప్యూటర్ కేబుల్ పెడితే ఫోన్ ఛార్జింగ్ మాత్రమే ఎక్కించుకుంటుంది. ఫైళ్లు కనబడాలంటే ఫోన్ తెర మీద "File transfer" నొక్కాలి. నొక్కడానికి మౌస్ ఏది? అది ఇప్పుడే పీకేశాం కదా.

దీనికి నేను నమ్ముకున్న దారి ఒకటుంది. మౌస్ ఉండగానే సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల దగ్గర బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో "Default USB configuration" అనే చోట "File transfer" పెట్టాలి. ఇక మీదట ఫోన్ అన్‌లాక్ అయి ఉండగా కేబుల్ పెడితే అడగకుండానే ఫైళ్లు చూపిస్తుంది. అన్‌లాక్ అయి ఉండగా అన్నది ముఖ్యం. అన్నయ్య ఫోన్‌లో వేలిముద్ర పక్క బటన్‌లో ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. తెర కింద వేలిముద్ర ఉన్న ఫోన్లలో పగిలాక అది పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు. అలాంటివాటిలో మౌస్ ఉండగానే స్క్రీన్ లాక్ తాత్కాలికంగా తీసేయడమే మేలు.

ఇంట్లో బ్లూటూత్ మౌస్ ఉంటే ఈ గొడవంతా లేదు. వైరు మౌస్‌తో దాన్ని జత చేసుకుంటే రంధ్రం ఖాళీ అవుతుంది, కేబుల్ పెట్టుకొని "File transfer" నొక్కేయొచ్చు.

కేబుల్ పెట్టాక కెమెరా ఫోటోలు DCIM లో ఉంటాయి. వాట్సాప్ ఫోటోలు కొత్త ఆండ్రాయిడ్‌లలో Android ఫోల్డర్‌లోని media లో, com.whatsapp కింద దొరుకుతాయి. ఈ ఫోల్డర్ తెలియకే చాలామంది వాట్సాప్ ఫోటోలు పోయాయనుకుంటారు. అన్నీ ఒకేసారి లాగితే మధ్యలో ఆగినప్పుడు ఏవి వచ్చాయో ఏవి రాలేదో తెలియదు. నేను కొన్ని కొన్నిగా లాగి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూసుకుంటాను. విసుగే, కానీ తర్వాత ఏడవనక్కర్లేదు.

వాట్సాప్ చాట్లు మాత్రం ఈ దారిలో రావు. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న వాట్సాప్ బ్యాకప్‌ని ఫైల్‌లా దించుకోలేం, అదే నంబరుతో వేరే ఫోన్‌లో వాట్సాప్ పెట్టినప్పుడే తిరిగొస్తుంది. అందుకని మౌస్ ఉండగానే వాట్సాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త బ్యాకప్ నొక్కించాం. 15 జీబీ నిండి ఉంది కాబట్టి ముందు పాత పెద్ద వీడియోలు కొన్ని చెరిపి చోటు చేయాల్సి వచ్చింది. కొత్త ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరిచేటప్పుడు "మీరేనా" అన్న ప్రశ్న పాత ఫోన్‌కే వస్తుంది, దానికి అవును అని నొక్కింది కూడా ఈ మౌసే.

ఇక దీని చేతకాని పనులు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఓటీజీ అనే మీట సెట్టింగ్స్‌లో విడిగా ఉంటుంది, వాడకపోతే పది నిమిషాలకు దానంతటదే ఆగిపోతుంది. టచ్ పోయాక దాన్ని ఆన్ చేసే దారి లేక మౌస్ పెట్టినా బాణం రాదు. మా బాబాయి ఫోన్ ఇలాగే మొరాయించింది. అప్పుడు అడాప్టర్ పక్కన పెట్టి కంప్యూటర్‌కే కేబుల్ తగిలించి, ఉచితంగా దొరికే scrcpy అనే ప్రోగ్రామ్‌ని ఇలా నడిపించాను:

```
scrcpy --otg
```

దీంతో కంప్యూటర్ మౌస్, కీబోర్డ్ ఫోన్‌కి పనిచేస్తాయి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ముందే ఆన్ చేసి ఉండనక్కర్లేదు. తెర మాత్రం కంప్యూటర్‌లో కనిపించదు, ఫోన్‌నే చూస్తూ మౌస్ కదపాలి. చేయి అలవాటు పడేదాకా తికమకగానే ఉంటుంది.

పగిలిన తెర తనంతట తానే తాకినట్టు పిచ్చిగా నొక్కుకుంటుంటే మౌస్‌కి అదుపు దొరకదు, పైగా తప్పు ప్యాటర్న్‌లు అదే గీసేస్తుంది. అలాంటి ఫోన్‌ని పక్కన పెట్టి డిస్‌ప్లే మార్పించడమే దారి. తెర పూర్తిగా నల్లబడితే హెచ్‌డీఎంఐ ఉన్న హబ్ తెచ్చి టీవీకి కలపొచ్చంటారు. అది టైప్-సి నుంచి వీడియో పంపగల ఫోన్లకే, అంటే ఖరీదైనవాటికే పనిచేస్తుంది. మధ్యరకం ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. హబ్ మీద వెయ్యి, పదిహేను వందలు పెట్టే ముందు మీ మోడల్‌కి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ డబ్బు డిస్‌ప్లేకే కలపండి.

అడాప్టర్ కొనేటప్పుడు వైరు తోక ఉన్నది తీసుకోండి. తోక లేకుండా నేరుగా గుచ్చే చిన్న రకం నా దగ్గర ఒకటి ఉండేది. మౌస్ వైరు లాగినప్పుడల్లా అది కదిలి, బాణం మాయమై, ప్యాటర్న్ మళ్లీ మొదటి నుంచి గీయాల్సి వచ్చేది.