స్కానా, ట్యాపా: డబ్బు అందిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది?

నీళ్ల సీసాలు, చిరుతిళ్లు అమ్మే వెండింగ్ యంత్రం దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బు చెల్లించేది మన ఫోను. అందిందన్న కబురు సర్వర్ నుంచి యంత్రానికి చేరాలి. ఆ కబురు దారిలో ఆగితే ఖాతాలో డబ్బు తగ్గుతుంది, సీసా మాత్రం కదలదు. ట్యాప్ చేసినప్పుడు కార్డును యంత్రమే చదువుతుంది. చాలా వెండింగ్ యంత్రాలు ముందు కొంత మొత్తాన్ని నిలిపి ఉంచి, వస్తువు పడ్డాకే అసలు ధర తీసుకుంటాయి. పడకపోతే వదిలేస్తాయి. ఆ నిలుపుదల ఖాతాలో కొన్ని రోజులు కనిపించవచ్చు, కంగారు పడనక్కర్లేదు.

పార్కింగ్ మీటరు దగ్గర నేను ట్యాప్‌నే ఎంచుకుంటాను. అక్కడ అంటించిన కోడ్‌పై మోసగాళ్లు తమ స్టిక్కర్ అతికించిన సందర్భాలున్నాయి. స్కాన్ తప్పకపోతే స్టిక్కర్ అంచును గోటితో తడిమి చూడండి, తెరుచుకున్న వెబ్ చిరునామాను చదవండి. యంత్రం తెరపై ప్రతిసారీ కొత్తగా వచ్చే కోడ్‌కు ఈ బెడద బాగా తక్కువ.